కొత్త అప్పు గడువు, క్యాష్ డిస్కౌంట్: హోల్‌సేల్ ఖాతాదారులకు నోటీసు రాసే పద్ధతి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తాను. బుచ్చి, కోవూరు, పొదలకూరు, ఆత్మకూరు లైన్లలో చిల్లర కొట్లకు పప్పులు, చింతపండు, సబ్బులు, బిస్కెట్లు, నూనె, పంచదార వేస్తాం. మేము మొదటిసారి అప్పుకు గడువు పెట్టినప్పుడు వాట్సాప్‌లో రెండే లైన్ల మెసేజ్ పంపాం: ఒకటో తేదీ నుంచి 21 రోజుల గడువు, దాటితే కంప్యూటర్ బిల్లు ఇవ్వదు. ఒకటో తేదీ పొద్దున పొదలకూరు లైన్ ఆటో వచ్చి కొట్టు ముందు నిలబడింది. పద్నాలుగు కొట్ల ఆర్డర్లలో తొమ్మిదింటికి బిల్లు రాలేదు. ఆ తొమ్మిది మందిలో ఎప్పుడూ మాట తప్పని వాళ్లు నలుగురున్నారు. ఒకాయన ఫోన్ చేసి, "ఏంది సామీ, ఇరవై ఏళ్లుగా మీ దగ్గరే కొంటున్నా, ఇప్పుడు మిషన్ వద్దంటే సరుకియ్యరా?" అన్నాడు. ఆయన ముందువారం కట్టిన డబ్బును మేము ఏ బిల్లుకూ జమ చేయకుండా ఊరికే ఖాతాలో వేసి వదిలేశాం. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆయన బిల్లు ఇంకా బాకీలోనే ఉంది.

నోటీసు ముందు రాసి, సిస్టమ్ తర్వాత సర్దడం వల్ల వచ్చిన తిప్పలు అవి. ఇప్పుడు వరుస మార్చాం. ముందు సిస్టమ్‌లో పెట్టి, ఉత్తుత్తి ఖాతాతో ఆడించి చూసి, అది ఏం చేస్తుందో అదే నోటీసులో రాస్తాం. అది చేయలేనిది నోటీసులో రాయం. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ముందు రాయితీ లెక్క తేల్చుకోండి

క్యాష్ డిస్కౌంట్, అంటే సీడీ, ఎంత ఇవ్వాలో చాలామంది పక్క కొట్టును చూసి నిర్ణయిస్తారు. "వాళ్లు ఒక శాతం ఇస్తున్నారు, మనమూ ఇద్దాం" అంటారు. ఒక శాతం వినడానికి చిన్నదే. గడువు 21 రోజులనుకుందాం. ఏడో రోజున కట్టినవాడికి ఒక శాతం ఇస్తే, డబ్బు 14 రోజులు ముందు వచ్చినందుకు మనం ఒక శాతం ఇచ్చినట్టు. ఏడాదికి లెక్కగడితే అది 26 శాతం. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌కు, అంటే ఓడీకి, మనం కట్టే వడ్డీ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అంతకంటే బ్యాంకులో వాడుకోవడమే నయం. అదే 14 రోజులకు అర శాతమైతే ఏడాదికి 13 శాతం పడుతుంది, ఓడీ వడ్డీకి దగ్గరగా ఉంటుంది. అందుకే మేము ఏడు రోజుల్లో కడితే అర శాతమని, బిల్లు కొట్టకముందే డబ్బు వేస్తే ఒక శాతమని పెట్టుకున్నాం. రెండోది 21 రోజుల ముందు వచ్చే డబ్బు కాబట్టి ఏడాదికి 17 శాతం పైన పడుతుంది. కాస్త ఎక్కువే. కానీ ఆ బిల్లుకు వసూలు తిరుగుడు, ఎగవేత భయం ఉండవని ఒప్పుకున్నాం.

ఇదే లెక్క కొనేవాడి వైపు నుంచీ వేసి చూడండి. చిల్లర కొట్టు ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మనకు ముందే కట్టాడనుకుంటే, 14 రోజులకు వడ్డీ తొంభై పైసల పైమాటే. మనమిచ్చేది యాభై పైసలు. అప్పు తెచ్చి ఎవరూ సీడీ కోసం కట్టరు. గల్లాలో డబ్బున్న వాళ్లే ఈ రాయితీ తీసుకుంటారు. డబ్బు లేని వాళ్లను దారిలో పెట్టేది గడువు, అప్పు పరిమితి మాత్రమే. ఈ తేడా తెలిస్తే నోటీసులో రాయితీని ఊరించే మాటలతో నింపాల్సిన పని ఉండదు.

నూనె, పంచదారలో మాకు మిగిలేది చాలా తక్కువ కాబట్టి వాటికి సీడీ పెట్టలేదు. అలా మినహాయించేటప్పుడు ఆ సరుకు బిల్లు విడిగా కొట్టండి. ఒకే బిల్లులో పప్పు, నూనె కలిసి ఉంటే కొనేవాడికి తన రాయితీ ఎంతో తేలదు. ప్రతి వారం ఫోన్‌లో అదే గొడవ. మేము నూనె, పంచదారకు వేరే బిల్లు సిరీస్ పెట్టాక ఆ ఫోన్లు ఆగాయి.

అప్పు పరిమితి: నాలుగో బిల్లును మరచిపోవద్దు

వారానికి 35,000 రూపాయల సరుకు తీసుకునే కొట్టుకు 21 రోజుల గడువు అంటే మూడు వారాలు కదా, 1,05,000 పరిమితి చాలనిపిస్తుంది. మేమూ అలాగే పెట్టి చెయ్యి కాల్చుకున్నాం. మంగళవారం మంగళవారం బిల్లయ్యే కొట్టునే తీసుకోండి. మొదటి బిల్లు గడువు తీరే మంగళవారమే నాలుగో బిల్లు కొట్టాలి. ఆయన సాయంత్రం కట్టాలనుకుని ఉంటాడు, మన ఆటో పొద్దునే కదలాలి. ఆ గంటలో ఖాతాలో మూడు బిల్లులున్నాయి, నాలుగోది వేస్తే 1,40,000 అవుతుంది. పరిమితి లక్షా ఐదు వేలైతే, చెప్పిన రోజుకి కట్టే మనిషినే సిస్టమ్ ఆపేస్తుంది.

కాబట్టి వారం కొనుగోలును నాలుగుతో గుణించి, దానిపైన కొంచెం చోటు వదలండి. సగటును గడిచిన మూడు నెలల బిల్లుల నుంచి తీసుకోండి. సంక్రాంతికి ముందు రెండు వారాలు, రొట్టెల పండగ వారం ఈ సగటు పనికిరాదు. అప్పుడు సరుకు రెట్టింపు పోతుంది. ఆ వారాలకు పరిమితి పెంచి, తర్వాత దించే తేదీ కూడా అప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. పెంచడం అందరికీ గుర్తుంటుంది, దించడమే ఉండదు.

ఒక్కో ఖాతాదారు పరిమితి అంకెను అందరికీ పోయే నోటీసులో వేయకండి. బుచ్చిలో ఒకే వీధిలో మనకు మూడు కొట్లుంటాయి, వాళ్లు కాగితాలు పోల్చి చూసుకుంటారు. పరిమితి ఉందని నోటీసులో చెప్పి, అంకెను ఎవరి కాపీలో వాళ్లకు చేత్తో రాసివ్వండి.

సిస్టమ్‌లో పెట్టి, ఉత్తుత్తి ఖాతాతో చూడండి

మా దగ్గర టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో మూడు చోట్ల పని ఉంటుంది. కంపెనీ ఫీచర్లలో `Enable Bill-wise entry` అవునని ఉండాలి. పార్టీ లెడ్జర్‌లో `Maintain balances bill-by-bill` కూడా అవునని పెట్టి, `Default credit period` దగ్గర 21 రోజులు ఇచ్చి, `Check for credit days during voucher entry` ఆన్ చేయాలి. పరిమితి అంకెలను `Credit Limits` తెరలో అందరికీ ఒకేసారి ఎక్కించవచ్చు. రోజులను బట్టి సీడీ లెక్కవేసే పని టాలీ తనంతట తాను చేయదు. మాకు టాలీ చూసే కుర్రాడు దానికి చిన్న చేర్పు రాసిచ్చాడు. జమ వేసేటప్పుడు బిల్లు తేదీ, జమ తేదీ చూసి, ఏడు రోజుల లోపైతేనే రాయితీ గడి తెరుచుకుంటుంది.

ఇక్కడ తప్పక చూడాల్సింది ఒకటుంది. పరిమితి దాటినప్పుడు సాఫ్ట్‌వేర్ బిల్లును సేవ్ కానివ్వకుండా ఆపడం వేరు, గడువు దాటిన బిల్లు ఉందని తెరమీద ఒక మాట చెప్పి ఊరుకోవడం వేరు. ఉత్త హెచ్చరికే అయితే బిల్లింగ్ కుర్రాడు ఎంటర్ కొట్టి ముందుకు పోతాడు. నోటీసులో మాత్రం "బిల్లు ఆగిపోతుంది" అని ఉంటుంది. మొదటి వారంలోనే ఎవరికో ఒకరికి సరుకు పోతుంది, ఆ సంగతి సాయంత్రానికి లైన్ అంతా తెలుస్తుంది, ఇక ఆ నోటీసును ఎవరూ లెక్కచేయరు. అందుకే పరీక్ష ఖాతా పేరుతో ఒక లెడ్జర్ తీసి, నెల కిందటి తేదీతో ఒక బిల్లు వేసి, ఈ రోజు ఇంకో బిల్లు కొట్టి చూడండి. తర్వాత పరిమితిని 10,000కు దించి 12,000 బిల్లు కొట్టి చూడండి. ఎక్కడ ఆపింది, ఎక్కడ చెప్పి వదిలేసింది అన్నది కాగితం మీద రాసుకోండి. గడువు దగ్గర కూడా ఆపాలంటే టాలీ చూసే మనిషితో ఆ చేర్పు కూడా రాయించుకోండి. చూడటం అయ్యాక ఆ ఖాతా, దాని ఎంట్రీలు తీసేయండి.

బిల్లింగ్ చేసేవాళ్ల లాగిన్‌కు లెడ్జర్ మార్చే హక్కు ఉండకూడదు. వెనక తేదీతో జమ వేసే హక్కు కూడా తీసేయండి. తొమ్మిదో రోజు వచ్చిన డబ్బును ఏడో రోజు తేదీతో వేస్తే సీడీ వచ్చేస్తుంది. ఇందులో మోసం ఉందని కూడా అనలేం. కట్టే మనిషి బతిమాలితే మొహమాటానికి వేస్తారు. హక్కు లేకపోతే, "నా చేతిలో లేదన్నా" అని ఆ కుర్రాడు నిజాయితీగా చెప్పగలుగుతాడు.

పాత బాకీని ముందే విడగొట్టండి

మా ఒకటో తేదీ గొడవకు సగం కారణం ఇదే. సిస్టమ్‌కు పాత బాకీ, కొత్త బాకీ తేడా తెలియదు. గడువు పెట్టిన నిమిషం నుంచి మూడు నెలల కిందటి బిల్లులన్నీ దాటిపోయినవిగా లెక్కకొస్తాయి.

ముందుగా ప్రతి ఖాతాలో `On Account` కింద పడి ఉన్న జమలను వెతికి, అవి ఏ బిల్లుకు చెందినవో ఆ బిల్లుకు `Agst Ref` గా కలపండి. బాకీల రిపోర్టులో ఒకే పేరు కింద ఒక పక్క తీరని బిల్లు, ఇంకో పక్క ఎటూ చేరని జమ కనిపిస్తే అది ఈ జబ్బే. నూటయాభై ఖాతాలకు మాకు నాలుగు రోజులు పట్టింది. విసుగొచ్చే పనే కానీ, ఇది చేయకుండా తర్వాతి అడుగు వేయకండి.

ఆ తర్వాత మిగిలిన పాత బాకీని ఖాతాదారుతో మాట్లాడి వాయిదాలు చేయండి. 60,000 ఉంటే 20,000 చొప్పున మూడు వాయిదాలు, పదిహేను రోజులకొకటి. జర్నల్ ఎంట్రీతో పాత బిల్లులను మూసి, అదే మొత్తాన్ని "పాత బాకీ 1", "పాత బాకీ 2", "పాత బాకీ 3" అని `New Ref` లుగా తెరిచి, ఒక్కోదానికి దాని వాయిదా తేదీ వచ్చేలా రోజులు ఇవ్వండి. ఇప్పుడు సిస్టమ్ వాయిదా తప్పిన రోజే ఆపుతుంది, అంతకుముందు ఆపదు. పాత బాకీ ఉన్నంతకాలం అప్పు పరిమితి దానికి తగ్గట్టు పెంచి ఉంచాలి. లేకపోతే 60,000 పాతదే చోటంతా ఆక్రమిస్తుంది.

మొదలుపెట్టే తేదీ కూడా చూసుకోవాలి. మా లైన్లలో కొట్లకు డబ్బు తిరిగేది వరి కోతలై, వడ్లు అమ్ముడుపోయాక. రైతు కిరాణా బాకీ తీర్చేది అప్పుడే. నాట్ల రోజుల్లో గడువు బిగిస్తే చిల్లర కొట్టాయన ఎక్కడి నుంచి తెస్తాడు? మేము రెండోసారి కోతలయ్యాక ఏప్రిల్‌లో మొదలుపెట్టాం, పాత వాయిదాలు చాలావరకు అనుకున్న తేదీలకే వచ్చాయి.

పన్ను సంగతి: నోటీసులోకి రావాల్సినంత వరకు

సీడీని రెండు రకాలుగా ఇస్తున్నాం, రెండింటికీ పన్ను లెక్క వేరు. డబ్బు ముందే వస్తే రాయితీని బిల్లులోనే చూపిస్తాం, కాబట్టి తగ్గిన విలువ మీదే జీఎస్టీ పడుతుంది. తర్వాత ఏడు రోజుల్లో కట్టినవాళ్లకు ఇచ్చేది బిల్లు దాటిన రాయితీ. దానికి జీఎస్టీ లేని క్రెడిట్ నోట్ ఇస్తాం. మేము కట్టిన పన్ను తగ్గించుకోం, వాళ్లూ తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వనక్కర్లేదు. రెండు వైపులా రిటర్నులు కదలవు. ఈ దారే సుఖం. ఇందుకే రాయితీని సరుకు విలువ మీద లెక్కవేస్తాం తప్ప జీఎస్టీ కలిపిన మొత్తం మీద కాదు. ఈ మాట నోటీసులో లేకపోతే ప్రతి బిల్లుకూ పది ఇరవై రూపాయల తగువు.

ఆలస్యానికి వడ్డీ వేస్తామని మాత్రం రాయకండి. సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆలస్యానికి తీసుకునే వడ్డీ, రుసుము సరుకు విలువలో భాగమే, దానిమీదా పన్ను కట్టాలి. యాభై రూపాయల వడ్డీకి డెబిట్ నోట్, దానికి జీఎస్టీ, ఎవరూ కట్టని ఆ యాభై కోసం ఇంకో బాకీ లైన్. సరుకు ఆపడమే చాలు. అలాగే చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో కట్టాలన్న ఆదాయపు పన్ను నిబంధనను కొన్ని నోటీసుల్లో బెదిరింపుగా వాడటం చూశాను. అది తయారీ, సేవల సంస్థలకు రావాల్సిన బాకీల గురించి. కొని అమ్మే హోల్‌సేల్ వ్యాపారులకు అది వర్తించదు. ఖాతాదారు ఆడిటర్ ఒక్క మాటలో కొట్టిపారేస్తాడు, మిగతా నోటీసు విలువ కూడా పోతుంది.

క్యాష్ డిస్కౌంట్ అనగానే నోట్లే ఇవ్వాలని కొందరు అనుకుంటారు. ఒక మనిషి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి మనకు వీల్లేదు. రోజుకు పదివేలు దాటి నగదుగా కడితే కొనేవాడికి ఆ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో చెల్లదు. యూపీఐ, బ్యాంకు బదిలీలకే రాయితీ అన్నట్టు స్పష్టంగా రాయాలి.

నోటీసు

రాసేటప్పుడు మేము పాటించిన నియమం: ప్రతి వాక్యానికీ "దీన్ని సిస్టమ్ ఎలా చేస్తుంది?" అని అడగడం. మొదటి చిత్తులో "ఆదివారం గడువు వస్తే సోమవారం కట్టవచ్చు" అని రాశాం. సిస్టమ్‌కు ఆదివారం తెలియదు, సోమవారం పొద్దున బిల్లు ఆపేస్తుంది. ఎన్‌ఈఎఫ్‌టీ 2019 డిసెంబర్ నుంచి రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ నడుస్తోంది కాబట్టి ఆ వాక్యం తీసేశాం. ఇంకొకటి, "కంప్యూటర్ ఒప్పుకోదు" అని రాయకండి. నిర్ణయం మనది, దాన్ని నడిపేది సిస్టమ్. ఖాతాదారుకు ఎవరితో మాట్లాడాలో తెలియాలి, కంప్యూటర్‌తో మాట్లాడలేడు కదా.

మా నోటీసు ఇది, తేదీలు మీకు తగ్గట్టు మార్చుకోండి:

> ఖాతాదారులకు నమస్కారం.
>
> ఏప్రిల్ 15 నుంచి కొట్టే బిల్లులకు ఈ కింది షరతులు వర్తిస్తాయి. అంతకుముందు బిల్లులకు వర్తించవు.
>
> బిల్లు గడువు 21 రోజులు. బిల్లు తేదీ మరుసటి రోజును మొదటి రోజుగా లెక్కిస్తాం. సరుకు మీ కొట్టుకు చేరిన తేదీతో సంబంధం లేదు. సెలవు రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. కట్టాల్సిన ఆఖరి తేదీ మీ బిల్లు కింద అచ్చయి ఉంటుంది.
>
> బిల్లు కొట్టకముందే డబ్బు పంపితే సరుకు విలువ మీద 1 శాతం రాయితీ బిల్లులోనే తగ్గిస్తాం. 7 రోజుల్లో బిల్లు మొత్తం కడితే సరుకు విలువ మీద అర శాతం రాయితీ. ఈ రాయితీ జీఎస్టీ మీద ఉండదు. కొంత కట్టి కొంత ఉంచితే రాయితీ రాదు. నూనె, పంచదార బిల్లులకు రాయితీ లేదు. రాయితీ పోను కట్టాల్సిన మొత్తం కూడా బిల్లు మీద ఉంటుంది, దయచేసి ఆ మొత్తమే పంపండి.
>
> డబ్బు మా బ్యాంకు ఖాతాలో పడిన రోజే కట్టిన రోజు. చెక్కు ఇస్తే అది మారిన రోజు. నగదుకు రాయితీ లేదు. డబ్బు పంపేటప్పుడు బిల్లు నంబరు రాయండి. రాయకపోతే అన్నిటికంటే పాత బిల్లుకు జమ చేస్తాం.
>
> గడువు దాటిన బిల్లు ఉన్నా, మీ కాపీలో రాసిన అప్పు పరిమితి దాటినా కొత్త బిల్లు రాదు. ఆ బాకీ జమ అయిన వెంటనే బిల్లు మళ్లీ వస్తుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు.
>
> చిరిగిన, తేదీ దాటిన సరుకును లైన్ మనిషికి ఇచ్చి రసీదు తీసుకోండి. దాని క్రెడిట్ నోట్ వచ్చాకే బాకీలోంచి తగ్గించండి.
>
> మీ పాత బాకీ, దాని వాయిదా తేదీలు మీ కాపీ వెనక ఉన్నాయి. లెక్కలో తేడా ఉంటే ఏప్రిల్ 10 లోపు చెప్పండి.
>
> ఇబ్బంది ఉంటే గడువు తీరకముందే కొట్టు యజమానికి ఫోన్ చేయండి. లైన్ మనిషికి, బిల్లింగ్ వాళ్లకు గడువు పెంచే అధికారం లేదు.

ఒక్క పేజీ దాటలేదు. ఎక్కడా బోల్డ్ అక్షరాల బెదిరింపు లేదు. "లైన్ మనిషికి అధికారం లేదు" అన్న వాక్యం లైన్ మీద తిరిగే మన కుర్రాళ్లను కాపాడుతుంది, దాన్ని తీసేయకండి.

దీన్ని అమలుకు 20 రోజుల ముందు లైన్ మనిషి చేత్తో ఇప్పించి, రెండో కాపీ మీద సంతకం తీసుకున్నాం. వాట్సాప్‌లో పంపింది ఆ తర్వాతే. కాగితం ఇచ్చేటప్పుడే పాత లెక్కలో తేడాలు బయటపడతాయి. మాకు పదకొండు ఖాతాల్లో తేడా వచ్చింది, వాటిలో ఎక్కువ భాగం మేము ఎక్కించని సరుకు వాపసులు.

ఒక బిల్లును చివరిదాకా చూద్దాం

బుచ్చిలో ఒక కొట్టుకు మే 4న బిల్లు కొట్టాం. సరుకు విలువ 40,000, జీఎస్టీ 5 శాతం 2,000, మొత్తం 42,000. బిల్లు కింద ఇలా వస్తుంది: "మే 11 లోపు కడితే రూ. 41,800. ఆఖరి తేదీ మే 25, రూ. 42,000." డబ్బు ముందే వేసి ఉంటే బిల్లే వేరుగా ఉండేది: 39,600 మీద జీఎస్టీ 1,980, మొత్తం 41,580.

మే 10న ఆయన యూపీఐలో 41,580 పంపాడు. పక్క కొట్టు బిల్లు చూశాడో, ఒక శాతం అందరికీ అనుకున్నాడో, 420 తగ్గించాడు. రావాల్సింది 41,800, 220 తక్కువ. బిల్లు పూర్తిగా కట్టలేదు కాబట్టి సిస్టమ్ అర శాతం కూడా ఇవ్వలేదు. ఖాతాలో 420 బాకీగా మిగిలింది. ఇప్పుడు ఎవరూ పట్టించుకోకపోతే మే 26 పొద్దున ఆ 420 గడువు దాటిన బాకీ అవుతుంది, 35,000 ఆర్డర్ ఆగిపోతుంది. సిస్టమ్‌కు 420 అయినా నాలుగు లక్షలైనా ఒకటే.

అందుకని మా దగ్గర రోజూ సాయంత్రం అయిదుకు ఒక రిపోర్టు తీస్తాం: ఈ రోజు వచ్చిన జమల్లో బిల్లు తీరకుండా వెయ్యి లోపు మిగిలినవి. ఆ వేళే ఫోన్ చేశాం. "అన్నా, 220 తక్కువొచ్చింది, రేపటిలోగా పంపితే మీ 200 రాయితీ వస్తుంది, లేకపోతే 420 కట్టాల్సొస్తుంది" అని చెప్పాం. పది నిమిషాల్లో పంపాడు. జమను బిల్లుకు `Agst Ref` గా వేసి, 200కు జీఎస్టీ లేని క్రెడిట్ నోట్ అదే బిల్లుకు కలిపితే బిల్లు సున్నా అయింది. యాభై రూపాయల లోపు మిగిలితే యజమాని లాగిన్‌తో వారానికోసారి రౌండాఫ్ కింద కొట్టేస్తాం. ఈ మాట నోటీసులో రాయలేదు, రాస్తే అందరూ యాభై తక్కువే పంపుతారు.

మొదటి నెల రోజులు

గడువుకు మూడు రోజుల ముందు ప్రతి బిల్లుకూ మెసేజ్ పంపండి: బిల్లు నంబరు, మొత్తం, ఆఖరి తేదీ, అంతే. ఆపాక చెప్పడం కంటే ముందే చెబితే మనిషికి గౌరవం.

ఆగిన బిల్లును వదిలే అధికారం యజమానికి ఒక్కడికే ఉంచి, వదిలిన ప్రతిసారీ ఒక నోటుబుక్కులో పేరు, మొత్తం, కారణం, ఎప్పటిలోపు కడతానన్నాడో రాయించండి. పెళ్లి, ఆసుపత్రి, చావు లాంటివి ఎవరికైనా వస్తాయి, వాటికి వదలాల్సిందే. ఆ పుస్తకాన్ని నెలాఖరున తిరగేస్తే సంగతి తెలుస్తుంది. ఒకే పేరు మూడుసార్లు వస్తే ఆయన గడువు గురించి కూర్చుని మాట్లాడాలి. వేర్వేరు పేర్లు, కానీ కారణం అంతా "పరిమితి దాటింది, గడువు దాటిన బాకీ లేదు" అని ఉంటే మనమే పరిమితులు తక్కువ పెట్టాం. మా మొదటి నెల పుస్తకంలో 23 పేర్లుంటే అందులో 16 ఈ రకమే. నాలుగో బిల్లు లెక్క మాకు అప్పుడే తెలిసింది. ఆ పదహారు మందికి పరిమితి పెంచి, కొత్త అంకె రాసిన కాగితం లైన్ మనిషి చేతికిచ్చి పంపాం. రెండో నెల పుస్తకంలో ఐదు పేర్లే ఉన్నాయి.